నాన్న దిద్దిన ప్రసంగం

పెళ్ళికూతురు మైకుని గడ్డానికి పిడికిలంత కిందుగా పట్టుకుని, ముందు ఊపిరంతా వదిలింది. హాల్లో చెంచాల చప్పుడు సద్దుమణిగేదాకా ఆగింది. మొదటి వరసలో కూర్చున్న తల్లికి అది ఎవరు నేర్పిన విద్యో తెలుసు. పక్కనే కూర్చున్న మొగుడు నేర్పాడు.

ఆయన మందుల కంపెనీ మనిషి. నెలకి ఇరవై రోజులు ఊళ్ళు తిరుగుతూ డాక్టర్ల ముందు మాట్లాడడమే పని. మాటలు కోటలు దాటతాయి. రిసెప్షన్‌లో అమ్మానాన్నలకి థాంక్స్ చెప్పాలి, నేర్పించమని కూతురు అడగ్గానే పొంగిపోయాడు. రెండు వారాలు తలుపేసుకుని సాధన చేయించాడు. తల్లి బయట కుట్టుమిషను దగ్గర కూర్చుని పెళ్ళిబట్టల అంచులు కుడుతూ విన్నది. మూడు నిమిషాలు దాటకూడదు. కార్డుకి నాలుగు మాటలే, పెద్ద అక్షరాలతో, చెయ్యి జారి కార్డులు కిందపడినా వరస తప్పకుండా మూలన దారంతో కట్టుకోవాలి. ముందు అతిథులు, తర్వాత అత్తింటివాళ్ళు, చివరికి కన్నవాళ్ళు. ప్రేమ, త్యాగం అని ఊదరగొట్టకుండా జరిగిందొక్కటి చెప్పాలి. గొంతు పూడుకుపోతే గుక్కెడు నీళ్ళు తాగి, ఎదురుగోడ మీది గడియారం చూడాలి. పిల్ల చదివేది మాత్రం మిషను చప్పుడులో వినపడేది కాదు, కాఫీ ఇవ్వడానికి ఆవిడ తలుపు తీస్తే లోపల మాటలు ఆగిపోయేవి. ఇప్పుడే వినేస్తే ఆరోజు ఏం మిగులుతుందే అని ఆయన నవ్వేవాడు.

మొదటి కార్డులో దూరం నుంచి వచ్చినవాళ్ళకి నమస్కారాలు అయ్యాయి. రెండో కార్డులో, కోడలికి పుస్తకాల పిచ్చని తెలిసి కిటికీ పక్క బల్ల ఖాళీ చేయించిన అత్తగారి సంగతి చెప్పింది. అత్తగారు మురిసిపోయింది. పిల్ల మూడో కార్డు తిప్పేసరికి తల్లి కుర్చీలో సర్దుకుని కూర్చుంది. ఒక్క మాట చాలు ఆవిడకి. ఇరవై ఆరేళ్ళ చాకిరీకి నలుగురిలో ఒక్క మాట.

"రెండో తరగతిలో నేను నాటకంలో రాణి వేషం వేశాను. నాన్న ఊరి నుంచి నీలం గౌను పంపించారు. అలాంటిది స్కూల్లో ఇంకెవరికీ లేదు."

తల్లి చటుక్కున మొగుడి వంక చూసింది. ఆ గౌను కోసం గుడ్డముక్కలు ఏరి కుట్టింది తను. నాన్న పంపాడని చెప్పిందీ తనే. నాన్నకి నేను గుర్తున్నానా అని పిల్ల బిక్కమొహం వేసుకుని అడిగితే, ఏ తల్లి మాత్రం ఇంకేం చెబుతుంది?

"లెక్కల పరీక్ష రోజు నా పెన్నుల పెట్టెలో నాన్న చీటీ ఉండేది. భయపడకు, వచ్చింది రాయి చాలు, అని."

ఆ చీటీలు ఎడమచేత్తో రాసింది తల్లి. పిల్ల అక్కడ రెండు క్షణాలు ఆగింది. జనం చప్పట్లు కొట్టారు. అక్కడ ఆగమన్నది నేనే అని ఆయన భార్య చెవిలో గొప్పగా చెప్పి, జేబురుమాలుతో కళ్ళొత్తుకున్నాడు.

"నేను జ్వరంతో ఆసుపత్రిలో ఉన్నప్పుడు మెలకువొచ్చిన ప్రతిసారీ కుర్చీ మీద నాన్న చొక్కా ఉండేది. ఇప్పుడే బయటికెళ్ళారు అనేది అమ్మ."

ఆ చొక్కా ఇంటి నుంచి తెచ్చి అక్కడ వేసింది ఎవరో ఆయనకి తెలియదా? ఆ వారమంతా ఆయన ఫోనైనా చెయ్యలేదు.

"మీకు సిగ్గుగా లేదూ?" అంది తల్లి, పెదవి కదలకుండా.

"పిల్ల సంతోషంగా చెబుతుంటే కాదంటానా? ఊరుకో, అందరూ చూస్తున్నారు."

నాలుగో కార్డు మరీ ఘోరం. దూరపు కాలేజీకి పంపడానికి ఇంట్లో గొడవైతే నాన్నే ఒప్పించారట. వద్దని కాళ్ళకడ్డం పడ్డది ఆయన. మూడు రోజులు అన్నం మానేసి ఒప్పించిందీ, ఆ పేరు ఆయనకి కట్టబెట్టిందీ తను. అబద్ధాలు తనే నేర్పింది, నిజమే. కానీ పిల్ల ఇంకా రెండో తరగతిలో లేదు కదా. కళ్ళున్నాయి, బుద్ధి ఉంది. ఎవరి వేళ్ళకి సూది గాట్లున్నాయో చూడలేదా? కడుపున పుట్టిన పిల్లే ఇంత మోసం చేస్తే ఇంకెవరితో చెప్పుకుంటుంది?

"అమ్మ వేళకి అన్నం పెట్టింది, బట్టలు కుట్టింది," అని ముగించింది పిల్ల. అంతే. ఆ ఒక్క వాక్యమూ ఎదురుగోడ గడియారానికి చెప్పింది, తల్లి వంక చూడనైనా లేదు. గొంతు ఎక్కడా తొణకలేదు. పంటి బిగువున ఏడుపు ఆపుకుని తల్లి కూడా చప్పట్లు కొట్టింది. కొట్టకపోతే బావుండదు.

ఆయన లేచాడు, కోటు సర్దుకుని, కూతుర్ని దగ్గరికి తీసుకోవడానికి చేతులు చాచుతూ.

"కూర్చోండి నాన్నా. ఇంకో కార్డుంది."

అయిదోదా, నాకు చెప్పలేదే అని గొణుగుతూ ఆయన కూర్చున్నాడు. పిల్ల గుక్కెడు నీళ్ళు తాగింది. గ్లాసు పక్కన పెట్టి, గడియారాన్ని వదిలేసి, ఆరోజు మొదటిసారి తల్లి కళ్ళలోకి చూసింది.

"ఇన్ని అబద్ధాలాడి నాకో నాన్నని ఇచ్చినందుకు థాంక్స్ అమ్మా."