చంద్రుడు యాడ పండుకుంటడు?

“గివి గూఢచారుల గుర్తులే!” జర్మనీతోని యుద్ధం మొదలుగాంగనే గద్వాల దవాఖానల జర్మన్ నర్సమ్మను ఖైదుకు పంపిన పోలీసు అమీన్, ఖుర్షీద్ ఇంట్లకొచ్చి ఆ పిల్ల చేతిల కాగితం గుంజుకున్నడు.

పదేండ్ల ఖుర్షీద్ బెదరలే. “నర్సమ్మ నేర్పిన కత సాబ్, పండుకునే ముందు చదివేది. కింద మాటలకు అర్థాలు. డేర్ ఎలెఫాంట్, ఏనుగు. డేర్ మోంట్, చంద్రుడు. ష్లెఫ్ట్, పండుకుంటడు. గున్న ఏనుగు కనబడ్డోళ్లనల్లా అడుగుతది, ‘వో ష్లెఫ్ట్ డేర్ మోంట్?’ చంద్రుడు యాడ పండుకుంటడని.”

“దుష్మన్ భాష!” కాగితం పొయ్యిలవడ్డది.

ఖుర్షీద్ మంటను చూసుకుంటనే కత మొత్తం జర్మన్‌ల గడగడ అప్పజెప్పింది.

గడప దాటబోయిన అమీన్ ఆగిండు. “ఇంతకు... యాడ పండుకుంటడే?”

“ఆఖరి మాటల అర్థాలు కాగితంల ఉండె సాబ్. మీరే కాల్సిండ్రు.”