బొమ్మలు తప్ప ఏదైనా

ఆ ఉదయం, అందరూ పిచ్చుక అని పిలిచే పిల్ల తల్లి, మీట నొక్కితే మాట్లాడే కుక్కపిల్ల మీద కాలేసి, వంటింటి గడప దాకా జారి పడింది.

నడుము పట్టుకుని లేచి చుట్టూ చూసింది. హాల్లో నాలుగు బుట్టల బొమ్మలు, మంచం కింద మూడు పెట్టెలు. అట్ట కూడా విప్పనివి ఆరు.

ఇన్నిటి మధ్య కూర్చుని పిచ్చుక గరిటెతో గిన్నె వాయిస్తూ, ఏం తోచడం లేదని గునుస్తోంది.

ఐదో పుట్టినరోజు మూడు వారాల్లో ఉంది. ఈసారి ఒక్క బొమ్మ కూడా గుమ్మం దాటకూడదని తల్లి అక్కడే తీర్మానించుకుంది. ఆవిడ ఆస్పత్రిలో నర్సు. సూది వేస్తానందంటే వేసే మనిషి.

ముందు పెద్దవాళ్లకు ఫోన్లు చేసింది. చుట్టాల వాట్సాప్ గ్రూపులో చూసి తెలుసుకుంటే వాళ్ల అలకలు తీర్చలేక చావాలి. అత్తగారు కాసేపు మూతి ముడిచి, చివరికి సరేనన్నారు.

ఆ తర్వాత మొగుడూ పెళ్లాలు కూర్చుని సందేశం రాశారు.

"పిచ్చుక పుట్టినరోజుకు మీరు రావడమే మాకు సంతోషం. దాని దగ్గర బొమ్మలు చాలా ఉన్నాయి, ఇంక వద్దండి. ఇవ్వాలనిపిస్తే ఒక పుస్తకం ఇవ్వండి, పాతదైనా ఫర్వాలేదు. లేదా దానితో ఒక పూట గడపండి. ఈత నేర్పండి, రైలెక్కించండి, మీరు చేసే పని చూపించండి. కింది జాబితాలో మీరనుకున్నదాని పక్కన పేరు రాస్తే ఇద్దరు ఒకటే తేకుండా ఉంటారు."

చివర్లో ఆయన "తెచ్చినా కాదనం" అని ఒక ముక్క చేర్చాడు. ఆవిడ చెరిపేసింది. ఆ ఒక్క ముక్క చాలు, కిందటేడులాగే మళ్లీ బొమ్మలు బుట్టలకొద్దీ వచ్చిపడతాయంది.

జాబితా రెండు రోజుల్లో నిండింది. ఏనుగు కథ పుస్తకానికి ముగ్గురు ఎగబడితే, ఇద్దరు వేరే పుస్తకాలకు మారారు. బేకరీ నడిపే పిన్ని ఒక పొద్దున పిండి పిసికిస్తానంది. బస్సు నడిపే పెదనాన్న డిపో చూపిస్తానన్నాడు.

ఆడపడుచు ఒక్కతే పేరు రాయలేదు. నా మేనకోడలికి ఏం కొనాలో నాకొకరు చెప్పాలా అందట. పుట్టినరోజు నాడు నిలువెత్తు బొమ్మరిల్లు కారులో పెట్టుకుని మరీ వచ్చింది. దాన్ని దింపించకుండా, ముందు ఎవరు బొమ్మ తెస్తారా అని గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది.

కేకు కోసే వేళకు ఒక ముసలాయన వచ్చాడు. వెలిసిన చొక్కా, గోళ్ల చుట్టూ నలుపు. చంకలో పాత పేపరు చుట్టిన పెట్టె. కదిలితే గలగలమంటోంది.

పిచ్చుక తల్లి ఆయన్ని అత్తగారి తరఫు అనుకుంది. అత్తగారు వియ్యాలవారి తరఫు అనుకున్నారు.

ఆడపడుచు కుర్చీలో ముందుకు వంగింది. ఈ పెట్టె లోపలికి వెళ్తే వెనకాలే బొమ్మరిల్లు కూడా వస్తుందని పిచ్చుక తల్లికి తెలుసు.

"బాబాయిగారూ, ఏమనుకోకండి. బొమ్మలు తీసుకోవడం లేదు."

"బొమ్మ కాదమ్మా. పాపతో ఒక గంట..."

"ఒకరిది తీసుకుంటే అందరివీ తీసుకోవాలండి. భోంచేసి వెళ్లండి. అది మాత్రం వెనక్కి పట్టుకెళ్లండి."

ఆయన లోపలికి తొంగి పిచ్చుకను ఒకసారి చూశాడు. తలూపాడు. వాదించలేదు, భోంచేయలేదు, వెళ్లిపోయాడు.

ఆడపడుచు కాసేపు గుర్రుగా కూర్చుంది. తర్వాత ఫోను తీసి ఈత పక్కన తన పేరు రాసింది. పిచ్చుక తల్లికి ఏనుగెక్కినంత సంబరమైంది.

కాగితాల దుకాణం నడిపే మావయ్య ఆలస్యంగా వచ్చాడు. వస్తూనే, అక్షరాలాయన వచ్చాడా అని అడిగాడు.

ఎవరని అడిగితే చెప్పాడు. దుకాణం వెనక సందులో ప్రెస్సు, అందులో కంపోజిటరు. సీసపు అక్షరాలు ఏరి వరుసలుగా పేర్చడం ఆయన పని. ప్రెస్సు మూతపడింది, అక్షరాలన్నీ పాత సీసం కింద తూకానికి వెళ్లిపోయాయి. మీరు చేసే పని చూపించమన్నారు కదా అని మావయ్యే ఆయనకు సందేశం చదివి వినిపించాడు. ఆయన మురిసిపోయి, పిచ్చుక పేరుకు కావలసిన అక్షరాలు, సిరా, చిన్న రోలరు తూకంలో పడకుండా దాచాడు. పిల్ల తన పేరు తనే అచ్చు వేసుకోవాలని ఆయన కోరిక.

ఆవిడ చేతిలో ప్లేట్లు బల్ల మీద పెట్టేసింది. సిగ్గుతో ముఖం మండిపోయింది. చుట్టాలు చూస్తుండగానే పిచ్చుక చెయ్యి పట్టుకుని, చెప్పులేసుకుని బయల్దేరింది. ఆయన కాళ్లయినా పట్టుకుని ఆ పెట్టె తెచ్చుకోవాలనుకుంది. మావయ్య వెనకాలే పరుగెత్తాడు.

ప్రెస్సు తలుపు తీసే ఉంది. లోపల ఖాళీ అరలు, సిరా వాసన.

పక్కింటి దర్జీ చెప్పాడు. ఆయన తమ్ముడి ఊరికి బస్సెక్కేశాడు. పోతూ పోతూ, పిల్లకి వద్దన్నారు, ఇంక నాకెందుకని, పెట్టె పాత సామాన్ల బండిలో వేసేశాడు. బండి కూడా వెళ్లిపోయింది.

గోడకు ఒక అచ్చు కాగితం అంటించి ఉంది. పిచ్చుక మునివేళ్ల మీద నిలబడి, ఇది ఎవరు రాశారని అడిగింది.

ఆవిడకు ఆ పేజీ చూడకుండా అప్పజెప్పగలిగేంత బాగా తెలుసు. పిల్లను ఎత్తుకుని ఆ కాగితానికి దగ్గరగా పట్టుకుంది.

"రాసిందెవరో నాకూ తెలీదు తల్లీ," అన్నాడు మావయ్య. "మీ అమ్మ, నేను, ఈ ఊళ్లో చదువొచ్చిన ప్రతివాళ్లం మొట్టమొదట వేలు పెట్టి కూడబలుక్కున్న ఒకటో తరగతి పుస్తకాన్ని ముప్పయ్యేళ్లు ఒక్కొక్క అక్షరమే ఏరి పేర్చింది మాత్రం ఆయనే."