తలుపు తట్టిన చప్పుడు

తిరుపతిలో వెబ్ సిరీస్‌లకు ఎడిటరైన గిరిప్రసాద్ గారు, టైటిల్స్‌కు ముందు వచ్చే టీజరు విషయంలో నిపుణులు. ఆయన నిబంధన ప్రకారం కథ మధ్యలోని ఉత్కంఠ ఘట్టాన్ని తెచ్చి మొదట పెట్టాలి. కారణం చెప్పరాదు. చూసేవారికి ప్రశ్న పుట్టిన క్షణంలోనే కోసి టైటిల్ వేయాలి. జవాబును చివరిదాకా ఆపవచ్చు గానీ, ఎగ్గొట్టరాదు.

గూడూరులో ఉండే అక్క రేవతి ఫోనులో "తిన్నావా? సరే" అని పెట్టేస్తున్నందున, ఆయన పోయిన వారం నుంచి ఈ విధానాన్ని ఆమెపైనా అమలుపరుస్తున్నారు.

"అక్కా, ఈ పొద్దు నా గది తలుపు ఎవురో తట్టినారు."

"ఎవురు రా?"

ఇక్కడ కోశారు.

"చెప్తా. ముందు ఆఫీసులో ఏమైందో విను."

ఆమె ఫోను పెట్టలేదు. చల్లారిన ఉప్మా గురించి, తెగిన చెప్పు గురించి ఆయన సవివరంగా నివేదించి, చివర జవాబు సమర్పించారు.

"ఎవురో గది తప్పి వచ్చినాడు, అక్కా."



"మొన్న కూడా గది తప్పే వచ్చినాడు గదరా. నీ తలుపు ఎవురూ తట్టరని నాకు తెలుసు. ఈడ నాదీ అంతే," అంది రేవతి. "రేపు కూడా తట్టించు. వింటా."