వెనక సీటు మనిషి

ఆళ్లగడ్డలో బస్సు దిగగానే అరుణకుమారి వెనక్కి చూసింది. తలకు తువ్వాలు చుట్టుకున్న ఆ మనిషి కూడా దిగాడు.

ఇవాళ్టికి నాలుగో రోజు. నంద్యాలలో ఆమె ఎక్కే బస్సే ఎక్కుతాడు. వెనక సీట్లో కూర్చుని దారి పొడవునా ఆమెనే చూస్తాడు. ఒక్క మాట మాట్లాడడు. ఆ యేడు పల్లెల్లో కక్షలు రేగి ఉన్నాయి. కొత్త మొహం కనబడితే మగవాళ్లే పక్కకు తప్పుకుంటున్నారు. ఆమె టీచరుగా చేరి ఏడాది కూడా కాలేదు.

నడక వేగం పెంచింది. వెనక చెప్పుల చప్పుడూ పెరిగింది. దారిలో ఎవరూ లేరు. బడి ఇంకా రెండు ఫర్లాంగులుంది. గొడుగును రెండు చేతులా బిగించి పట్టుకుంది.

"టీచరమ్మా, రోంత నిలబడు."

ఆగింది. వినబోయేది ఆమెకు తెలుసు. కళ్లు బాగున్నాయనో, చీర నప్పిందనో అంటారు. అని, జవాబు కోసం కాచుకుంటారు. "మంచిదానివమ్మా" అనే హెడ్మాస్టరు కూడా ఆ వెంటనే ఏదో పని అప్పజెప్తాడు.

"ఏం కావాలప్పా?" అని వెనక్కి తిరిగింది.

అతను దగ్గరికి రాలేదు. నాలుగు బారల దూరంలో ఆగి నేలచూపులు చూశాడు.

"ఏమీ వద్దు. ఒక మాట చెప్పి పోతా. నాలుగు దినాలుగా నోరు రాలే. సోమవారం ఈ ఊరి బస్టాండులో ఒక ముసలామె పక్కన కూచుంటివే, మతి లేనామె. కొడుకు నీళ్లకు పోయినాడని చెప్పిందే చెప్తాండె. పదిసార్లు చెప్పినా, మొదటిసారి విన్నట్టే విని 'వస్తాడులే అవ్వా' అంటివి. బడికి పొద్దుపోతాందని గడియారం చూసుకుంటివి గానీ లేయలేదు. అంత ఓపిక నేను యాడా చూళ్లేదమ్మా."

అంతే. జవాబు కోసం ఆగకుండా వెనక్కి తిరిగాడు.

అరుణకుమారి చేతుల బిగువు సడలింది. అందం మాట ఎవరైనా ఎవరితోనైనా అనొచ్చు. ఇది ఆమెను చూసినవాడు తప్ప ఇంకొకరు అనలేని మాట. ఆ గడియారం సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు గంట దాటాక అవ్వను టీ అంగడామెకు అప్పగించి బడికి పరిగెత్తి చీవాట్లు తిన్నది. మధ్యాహ్నం వచ్చి చూస్తే అవ్వ లేదు. ఏమైందోనన్న దిగులు అప్పటినుంచీ ఆమెను వదల్లేదు.

"ఇదో అన్నా, ఆ అవ్వ కొడుకు వచ్చినాడా?"

"వచ్చినాడు. నిన్ను చూసి సిగ్గుపడి వచ్చినాడు. ఇంటికి తోలుకపోయినాడు."

"నీకెట్ల తెలుసు?"

అతను తువ్వాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు.

"మాయమ్మను ఆడ వదిలేసి పోదామని తెచ్చింది నేనేమ్మా."