ఒకే నంబరు, రెండు పేర్లు

"ఆ దరఖాస్తు నంబరు మీ పిల్లది కాదని చెప్పాను కదండీ!" నాగలత అడ్మిషన్ల హెల్ప్‌లైన్ ఫోన్లో విసుక్కుంది.

"మాదే మేడం. బాలి అని పేరు. నంబర్ గూడ వచ్చింది" అన్నాడు అవతలి మనిషి. గొంతు తెగి తెగి వినిపిస్తోంది.

"ఆ నంబరులో వైరా అబ్బాయి సాయికిరణ్ పేరుంది. మీరు తప్పు చూసుంటారు. రేపు చేయండి."

ఫోను పెట్టేసింది.

భద్రాచలం కాలేజీ సర్వర్ గదిలో ఒక్కతే కూర్చుని ఉంది. ఉద్యోగంలో చేరి నెల కాలేదు. అడ్మిషన్ల పోర్టల్‌ను క్లౌడ్‌కి మార్చే పని మొదటిసారి తనకిచ్చారు. రేపు సాయంత్రంతో దరఖాస్తుల గడువు అయిపోతుంది. రద్దీకి పాత సర్వరు రోజూ కూలబడుతోంది.

ఈ ఫోన్లు మొదలవకముందే, చీకటి పడగానే పాత సర్వర్లో సైటు ఆపేసింది. డేటా మొత్తం ఇంటర్నెట్‌లో అద్దెకు తీసుకున్న క్లౌడ్‌లోకి ఎక్కించింది. పిల్లల సర్టిఫికెట్ల స్కాన్లు కూడా పంపింది. రెండు చోట్లా లెక్క సరిపోయింది. చివరగా, సైటు పేరు కొట్టినవాళ్లు ఏ సర్వరుకు వెళ్లాలో చెప్పే డీఎన్ఎస్‌లో కొత్త చిరునామా పెట్టింది.

ఆ వెంటనే ఒకసారి కరెంటు పోయి వచ్చింది. క్లౌడ్‌కి ఆ బాధ లేదు కదా అనుకుంది.

ఖమ్మం నుంచి సీనియర్ మురళీకృష్ణ ఫోన్ చేశాడు.

"అయిందా?"

"అయింది సార్. దరఖాస్తులు వస్తున్నాయి."

"సూపర్. పాత మెషిన్ పొద్దున్నే ఫార్మాట్ కొట్టి, అంతా చెరిపేసి ల్యాబ్‌కిచ్చెయ్."

అయినా ఆమెకు కుదురు లేదు. లేచి తిరిగింది. మళ్లీ కూర్చుంది.

మళ్లీ అదే ఫోను.

"ఏందండీ మీ గోల? పడుకోరా?"

"పడుకుంటం మేడం. ఒక్కసారి మంచిగ చూడుండ్రి. పిల్ల ఏడుస్తున్నది."

"సరే, ఆ నంబరున్న పేజీ ఫొటో వాట్సాప్‌లో పంపండి."

"సిగ్నల్ కోసం గుట్ట మీదికి ఎక్కాలె. ఆగుండ్రి."

ఫొటో చాలాసేపటికి వచ్చింది.

నాగలత దాన్ని పెద్దది చేసి చూసింది.

అదే నంబరు. పేరు మాత్రం బాలి. టేకులపల్లి మండలం. కాలేజీ ముద్రతో సహా రసీదు నిజమైనదే.

ఒక డేటాబేస్ ఒకే నంబరును ఇద్దరికివ్వదు.

రెండు డేటాబేస్‌లు ఇస్తాయి.

వెనక్కి తిరిగింది. మూలన పాత సర్వరు ఫ్యాను గిర్రున తిరుగుతోంది.

సైటును ఆపింది గానీ, మెషిన్ మళ్లీ లేచినప్పుడు దానంతటది మొదలవకుండా చేయలేదు. కరెంటు రాగానే మెషిన్‌తో పాటు సైటూ లేచింది. పైగా నెట్‌వర్కులు చిరునామాను ఎంతసేపు దాచుకోవచ్చో చెప్పే డీఎన్ఎస్ గడువును నిన్ననే ఐదు నిమిషాలకు తగ్గించాల్సింది, ఈ సాయంత్రం గానీ తగ్గించలేదు. పాత చిరునామాను దాచుకున్న నెట్‌వర్కులు రేపటి దాకా పిల్లల్ని ఇక్కడికే పంపుతాయి.

పాతదాన్లో వెతికితే బాలితో పాటు మరో ఆరుగురు దొరికారు. పొద్దున ఫార్మాట్ కొడితే ఏడుగురూ పోయేవాళ్లే.

మురళీకృష్ణకు ఫోన్ చేసి అంతా చెప్పింది.

"ముందు పాత సైటు ఆపి, మళ్లీ లేవకుండా డిసేబుల్ చెయ్. దానికొచ్చే వాళ్లందర్నీ క్లౌడ్‌కి మళ్లించు. తర్వాత ఆ ఏడూ కొత్త నంబర్లతో ఎక్కించు. స్కాన్లు మర్చిపోకు."

తెల్లవారేసరికి ఏడుగురికీ కొత్త నంబర్లతో మెసేజ్‌లు వెళ్లాయి.

రాత్రి ఫోన్ చేసిన ఆయనకు క్షమాపణ చెప్పుకోవాలనిపించింది. నంబరు కలిపింది. ఒక ఆడపిల్ల ఎత్తింది.

"బాలీ, మీ నాన్నకివ్వమ్మా."

"ఆయన మా నాయన కాదు మేడం."

"మరెవరు? మామయ్యా?"

"తెల్వదు మేడం. మా ఊరాయన గూడ కాదు. నేను సిగ్నల్ కోసం గుట్ట కాడ కూసున్న. బండి మీద పోతున్నోడు ఆగిండు. నంబర్ వచ్చినంక మల్ల చూస్తే నా పేరు లేదని ఏడుస్తుంటే, ఫోన్ తీసుకుని మీతోని మాట్లాడిండు. మీ మెసేజ్ వచ్చినంక పోయిండు."

"రాత్రంతా ఉన్నారా?"

"అవ్ మేడం. మా అమ్మ అన్నం పెడితే గూడ తినలే."

"పేరైనా చెప్పలేదా?"

"అడిగితే చెప్పలే. పోయినేడు ఆయన బిడ్డకు గూడ గిట్లనే నంబర్ వచ్చిందట, పేరు రాక సీటు పోయిందట. రేపు చేయుండ్రి అంటే ఇంటికి పోయిండట మేడం."