ఓబో ఆగిన చోట

“మళ్ళీ రాయండి,” అన్నాడు సంపాదకుడు, సమీక్ష కాగితాలు ఆమె ముందుకు నెడుతూ.

“ఏం తప్పుంది సార్?”

“తప్పేం లేదు, అదే నా బాధ. మొదటి భాగం గంభీరం, రెండోది నెమ్మది అన్నారు. ఆ సింఫనీ అందరూ విన్నదేగా! వాద్యబృందాన్ని నడిపించిన ఈ కొత్త కండక్టర్ దాన్ని ఎలా అర్థం చేసుకున్నాడు? ఆ అర్థం నిలబడిందా, లేదా? అది చెప్పండి. ఎల్లుండికి రాకపోతే ఈ శీర్షిక ఇంకొకరికి ఇచ్చేస్తాను.”

ఆ శీర్షిక కోసం ఆమె చెప్పులరిగేలా తిరిగింది. తీరా చేతికొచ్చాక జారిపోతుందంటే ఏడుపొచ్చింది.

గ్రంథాలయంలో సంగీత విభాగానికి వెళ్ళి, జనమంతా ప్రాణం పెట్టుకున్న ఆ సింఫనీ పాత రికార్డింగునూ, ఈ కొత్త కండక్టర్ చేసినదాన్నీ మార్చి మార్చి విన్నది.

సాయంత్రానికి ఒక వాక్యం పుట్టింది. ‘రెండో భాగంలో ఓబో వాయిద్యం ఆగాల్సిన చోట ఆగలేదు. కొత్త కండక్టర్ తొందరపడి ఆ దుఃఖాన్ని చంపేశాడు.’

“ఎందుకాగాలి?”

పక్క కుర్చీలో పెద్దాయన మెడ సాచి ఆమె కాగితంలోకి చూస్తున్నాడు. రోజూ వస్తాడు, రోజూ ఎవరో ఒకరి కాగితంలోకి చూస్తాడు. ఆమె మనసులో ఆయనకు ‘తొంగిచూపు తాత’ అని పేరు పెట్టేసింది.

“పాత రికార్డింగులో ఆగుతుందండీ. అక్కడ గుండె పట్టేసినట్టుంటుంది.”

“సరే, ఆగుతుంది. స్వరాలు రాసినాయన ఆగమన్నాడా?”

ఆమెకు ఒళ్ళు మండింది. అయినా స్వరలిపి పుస్తకం తెరిచింది.

ఓబో పాట మీద ఆపకుండా వాయించమనే ఒకటే గీత, ఎక్కడా తెగలేదు. ఆగమనే గుర్తే లేదు. కింద చెల్లోలు, ఆ పెద్ద వయొలిన్లు, ఆగకుండా నడుస్తూనే ఉన్నాయి.

మరి పాతదాంట్లో ఎందుకాగింది?

హెడ్‌ఫోన్లు చెవులకు అదిమి, శబ్దం పెంచి విన్నది. ఆ నిశ్శబ్దంలో సన్నగా ఒక నిట్టూర్పు. వెంటనే గాలి పీల్చిన చప్పుడు.

ఆమెకు తట్టింది. ఓబో అంటే సన్నాయికి దూరపు చుట్టం. దాని పీక మరీ ఇరుకు. అందులోకి గాలి కొంచెమే పోతుంది, మిగిలింది వాయించేవాడి గుండెల్లోనే ఉండిపోతుంది. ముందు దాన్ని వదలాలి, ఆ తర్వాతే కొత్తది పీల్చాలి. ఎక్కడ వదలాలో ముందే చూసుకోకపోతే పాట తెగుతుంది. ఆ రోజు తెగింది. బృందమంతా అతని కోసం ఆగింది.

“ఊపిరండీ! భావం కాదు, ఊపిరి!”

గ్రంథాలయాధికారిణి కళ్ళురిమి చూసింది. పెద్దాయన మాత్రం ముసిముసిగా నవ్వాడు.

ఆమె కొత్త రికార్డింగు మళ్ళీ విన్నది. ఓబో ఆగలేదు కనక చెల్లోల నడక తెగలేదు. ఆ నడకే చివరి భాగంలో పరుగందుకుంది. పాతదాంట్లో చివరి సంతోషం ఎక్కణ్ణుంచో ఊడిపడ్డట్టుండేది. ఇందులో దానికి దారుంది.

మూడో భాగంలో ఆగకూడదన్న ఆ పట్టుదలే మొండితనమై, అక్కడి నాట్యపు లయకు కాళ్ళు బిగుసుకుపోయాయని కూడా రాసింది. మెచ్చుకున్నంత మాత్రాన వదిలేస్తుందా?

ఒక్కచోట కలం ఆగింది.

“పాత ఓబో ఆయన్ని ఇలా అనొచ్చా అండీ? అక్కడ ఆగినందుకేగా ఆయనకంత పేరు!”

పెద్దాయన ఆమె కలాన్ని కాగితం మీదికి జరిపాడు.

“మెత్తగా రాస్తే కొత్తవాళ్ళకి అన్యాయం చేసినట్టేనమ్మా. ఓబో నేర్చుకునే పిల్లలంతా ఇవాళ అక్కడ ఆగుతున్నారు, ఆగడమే గొప్పనుకుని. రాసెయ్.”

రాసేసింది. ‘ఒక మనిషి ఊపిరి తడబాటును ఇన్నేళ్ళూ దుఃఖమని పూజించాం. కొత్త బృందం ఆ పాటను మళ్ళీ నడిపించింది.’

సంపాదకుడు చదివి కళ్ళజోడు తీశాడు. “శీర్షిక మీదే,” అన్నాడు.

పత్రిక అచ్చయిన రోజు ఆమె కాలు నిలవక గ్రంథాలయానికి పరుగెత్తింది. పక్క కుర్చీ ఖాళీగా ఉంది. ఆయన పేరైనా అడగలేదని అప్పుడు గుర్తొచ్చి సిగ్గేసింది.

“పొద్దున్నే వచ్చి చదివి వెళ్ళారమ్మా,” అంది గ్రంథాలయాధికారిణి. “చెల్లెలి దగ్గరికని ఊరు మారిపోతున్నారు. ఎంత సంతోషపడ్డారో! ‘ఇన్నాళ్ళకి ఊపిరి వదిలాను’ అన్నారు.”

“ఆయనెందుకు వదలడం?”

గ్రంథాలయాధికారిణి బీరువాలోంచి ఆ పాత రికార్డు అట్ట తీసి, వెనకవైపున్న బృందం ఫొటో చూపించింది.

రెండో వరసలో, ఒళ్ళో ఓబో పెట్టుకుని, పక్కవాడి స్వరలిపిలోకి మెడ సాచి తొంగిచూస్తున్న కుర్రవాడు ఆయనే.