ఒక్క చుక్క చాలు

పాప ఏడ్చినప్పుడు తను పక్కన లేకపోవడం. ఆమెకి అన్నిటికన్నా పెద్ద భయం అదే.

ఎనిమిది నెలల్లో మొదటిసారి, అదీ పాపకి జ్వరంగా ఉన్న రోజే, చెల్లెలి చేతిలో పెట్టి పత్రిక ఆఫీసుకి వచ్చింది. ఇవాళే ఆఖరి రోజు. కవిత ఇవాళ ఇవ్వకపోతే ఇంకో ఏడాదిదాకా కొత్తవాళ్ళ సంచిక ఉండదు. చెల్లి ఒక చేత్తో పాపనీ ఇంకో చేత్తో మడత కాగితాన్నీ అందుకుని, "అన్నీ ఇందులో రాశావుగా, నువ్వు బయల్దేరక్కా" అని తలుపేసేసింది.

లోపలి గదిలో సంపాదకుడూ, ప్రూఫులు చూసే ఆవిడా ఆమె ఇచ్చిన కాగితం మీదకి వంగి ఉన్నారు. ఆమె బయట బల్ల మీద కూర్చుంది. ఫ్యాను మోతలో లోపలి మాటలు వినపడటం లేదు.

ప్రూఫులావిడ తలుపు సందులోంచి తల పెట్టింది. "అమ్మాయ్, కవిత మొత్తంలో ఒక్క కామా లేదు. కావాలనే వదిలేశావా?"

ఆమెకి ఏడు కామాలు పెట్టినట్టు గుర్తు. కానీ ఎనిమిదో తరగతితో బడి మానేసిన మనిషి గుర్తుని ఎవరు నమ్ముతారు? తనే నమ్మలేదు.

"మీరెలా అంటే అలాగేనండీ" అంది.

"కావాలనేనటండీ!" అని ప్రూఫులావిడ లోపలికి కేకేసింది.

కాగితం మీద ఇలా ఉంది:

ఏడిస్తే ఎత్తుకో ఊరికే ఏడవదు
ఒళ్ళు కాలితే నీళ్ళు ఆరితే
మళ్ళీ నీళ్ళు
మూడింటికి అరచెంచా చేదు
మొహం తిప్పుకున్నా
మానొద్దు తేనె వద్దు
నా చీర కప్పు నేనే అనుకుంటుంది
వచ్చేస్తాను

"రెండో పాదంలో 'నీళ్ళు' తర్వాత కామా పెడదాం" అన్నాడు సంపాదకుడు. "లేకపోతే పాఠకుడు తడబడతాడు."

"తడబడనివ్వండి. కామా లేకపోతే ఆ 'నీళ్ళు' అటూ పనిచేస్తుంది, ఇటూ పనిచేస్తుంది. కామా పెట్టారా, ఒకవైపే ఉండిపోతుంది."

"సరే. 'చేదు' తర్వాత మూడు చుక్కలు?"

"అవి పెడితే 'ఇక్కడ నిట్టూర్చండి' అని చెప్పినట్టు. మాటలోనే ఉంది చేదు. పాదం విరిగింది కదా, ఆ మాత్రం ఆగుతారు."

"అంటే ఏమీ వద్దంటావు."

"ఒక్కచోట కావాలి. 'మానొద్దు తేనె వద్దు.' రెండూ అతుక్కుపోతున్నాయి. మొదటిది చెయ్యమంటోంది, రెండోది వద్దంటోంది. మధ్యలో చుక్క పడాలి."

సంపాదకుడు గడ్డం గోక్కున్నాడు. "ఏ గుర్తూ లేని కవితలో ఒక్క చుక్క పెడితే బరువంతా దాని మీదే పడుతుందమ్మా."

"పడనివ్వండి. పడాల్సిన చోటే పడుతుంది."

ఎర్ర కలంతో చుక్క పెట్టింది.

"చివర్లో 'వచ్చేస్తాను' తర్వాత? ఆశ్చర్యార్థకం పెడితే హుషారుగా ఉంటుంది."

"రైలు కూతలా ఉంటుంది. చుక్క కూడా వద్దు. ఆవిడింకా రాలేదుగా."

ఎదురు పేజీలో ఇంగ్లీషు అనువాదం వేస్తారు. అదీ ప్రూఫులావిడే చేస్తుంది. మన లిపిలో లేని తంటా అక్కడొచ్చింది, పెద్దక్షరాలు. కంప్యూటరు ప్రతి పాదం మొదట్లో తనంతట తనే పెద్దక్షరం పెట్టేసింది.

"పాత పద్యాల్లో అంతేగా, ఉంచెయ్" అన్నాడు సంపాదకుడు.

"ఇక్కడ కుదరదండీ. పెద్దక్షరం చూడగానే కొత్త వాక్యం అనుకుంటారు. 'ఆరితే' కిందకి జారి 'మళ్ళీ నీళ్ళు' ని అందుకోవాలి. మధ్యలో పెద్దక్షరం వస్తే గుమ్మంలో కాలు తట్టుకున్నట్టే." ఒక్కొక్కటే చిన్నది చేసుకుంటూ వచ్చింది. తను పెట్టిన చుక్క తర్వాత మాత్రం పెద్దక్షరం ఉంచింది. చుక్క ఉన్నప్పుడు అది న్యాయం.

"మరి 'నేను'? ఇంగ్లీషులో అది ఒంటి అక్షరం, ఎప్పుడూ పెద్దదే. చిన్నది చేస్తే ఆధునికంగా ఉంటుంది."

"వేషం వేసినట్టుంటుంది. ఈ కవితలో మనిషి దొరికేది అక్కడొక్కచోటే. ఆవిణ్ణి కూడా చిన్నది చెయ్యకండి."

బయట ఆమె చెల్లికి ఫోన్ చేసింది.

"పాప ఎలా ఉందే?"

"ఇప్పుడే పడుకుంది." చెల్లి గొంతు బొంగురుగా ఉంది. "నువ్విచ్చింది చదివానక్కా. ఏడుపొచ్చేసింది."

"ఏడవడానికేముందే అందులో? రాసినట్టు చెయ్యి, చాలు."

"చేస్తానక్కా. నీ మీద ఒట్టు, చదువు ఆపను." ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "ఛార్జింగ్ అయిపోతోంది, ఉంటా."

చదువెందుకొచ్చిందో ఆమెకి అర్థం కాలేదు. చిన్నప్పట్నించీ దానికి ఏడుపు ఎక్కువే అనుకుంది. మళ్ళీ చేస్తే ఫోన్ స్విచాఫ్.

సంపాదకుడే స్వయంగా ప్రూఫు పట్టుకుని బయటికి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "అమ్మా, ఈ సంచికకి మొదటి పేజీ నీదే. నేను మూడు చోట్ల గుర్తులు పెడదామన్నాను, ఈవిడ ఒక్క చుక్కతో సరిపెట్టింది. చూసి సంతకం పెట్టు."

ఆమె కాగితం అందుకుంది. మొదటి పాదం చదివింది. రెండోది చదవలేదు. గోడ గడియారం వంక చూసింది. మూడుంబావు.

చెప్పులు వదిలేసి మెట్ల మీద పరిగెత్తింది.

"చుక్క నచ్చలేదేమో" అన్నాడు సంపాదకుడు.

"తీసేద్దామంటారా?" అంది ప్రూఫులావిడ, మొదటిసారి అనుమానంగా.

అసలు కవిత ఉన్నది చెల్లి దగ్గర, ఎవరైనా వెళ్ళి పాపని చూడండి.